శిఖరం తాకి ఎన్నాళ్లయింది? ఆరూన్ గీతల లెక్క

షేర్ల చార్టు కింద కనిపించే సూచికల్లో చాలావాటికి ధర మీదే ధ్యాస. ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, సగటుకు ఎంత దూరంలో ఉంది అని చూస్తాయి. తుషార్ చాందే 1995లో పరిచయం చేసిన ఆరూన్ ఆ జోలికి పోదు. వాన ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది పక్కనపెట్టి, కురిసి ఎన్నాళ్లయిందని లెక్కపెట్టే రైతులాంటిది అది. ఈమధ్య కాలంలో అన్నిటికంటే ఎక్కువ ధర పలికి ఎన్ని రోజులైంది? అన్నిటికంటే తక్కువ పలికి ఎన్ని రోజులైంది? మొదటి ప్రశ్నకు జవాబు ‘అప్’ గీత, రెండోదానికి ‘డౌన్’ గీత. రెండూ 0 నుంచి 100 మధ్యే తిరుగుతాయి.

లెక్క చేతితో వేసుకోగలిగినంత తేలిక. వెనక్కి ఎన్ని రోజులు చూడాలో ముందు మనమే నిర్ణయించుకోవాలి. చాలామంది 25 పెట్టుకుంటారు, కొన్ని సాఫ్ట్‌వేర్లు 14 పెట్టి ఇస్తాయి. మనం లెక్క సులువుగా ఉండేందుకు 10 అనుకుందాం. గరిష్ఠ ధర ఈరోజే వస్తే అప్ గీత 100. నిన్న వచ్చి ఉంటే 90, మొన్న అయితే 80. పది రోజుల కిందటిదైతే సున్నా. కనిష్ఠ ధరతో డౌన్ గీతకూ ఇదే పద్ధతి. ముగింపు ధరలు ఇక్కడ పనికిరావు. రోజులో తాకిన పై ధర, కింది ధర మాత్రమే తీసుకోవాలి.

ఒక ఊహా కంపెనీ షేరుతో వేసి చూద్దాం. మూడో రోజు అది 212 రూపాయలు తాకింది. అంతకుముందు ఎప్పుడూ అంత పలకలేదు. నాలుగో రోజు 208 దాకా వెళ్లి, అక్కడినుంచి జారుతూ తొమ్మిదో రోజు 194కు పడింది. అదే కనిష్ఠం. తర్వాత రోజుకో రూపాయి, రెండు రూపాయల చొప్పున కోలుకుంటోంది. పదకొండో రోజున గరిష్ఠానికి 8 రోజుల వయసు, కాబట్టి అప్ 20. కనిష్ఠానికి 2 రోజులు, కాబట్టి డౌన్ 80. కొత్త శిఖరమూ లేదు, కొత్త లోయా లేదు కనుక ఆ తర్వాత రెండు గీతలూ రోజుకు పదేసి చొప్పున పక్కపక్కనే దిగుతాయి. ఇలా జంటగా దిగడం కనిపిస్తే మార్కెట్ ఎటూ తేల్చుకోలేదని అర్థం. నా దృష్టిలో ఆరూన్ అన్నిటికంటే బాగా చెప్పే సంగతి ఇదే.

పదమూడో రోజుకు అప్ సున్నా, డౌన్ 60. ఆరోజు షేరు 206 తాకింది. పద్నాలుగో రోజు 209 తాకింది. పెరిగింది మూడు రూపాయలే, పాత శిఖరం 212 ఇంకా అందలేదు. కానీ అప్ గీత సున్నా నుంచి ఒక్క గెంతులో 100కు చేరింది! డౌన్ 50 దగ్గరుంది. అప్ గీత డౌన్‌ను దాటి పైకి వెళితే కొనమనే సంకేతమని చాలా పాఠాల్లో చెబుతారు. అలా చూస్తే ఇంతకంటే గట్టి సంకేతం ఉండదు.

జరిగిందేమిటంటే, పద్నాలుగో రోజు నాటికి మూడో రోజు లెక్కలోంచి జారిపోయింది. ఈరోజును, దానికి ముందున్న పది రోజులను కలిపి చూస్తున్నాం కాబట్టి లెక్క ఇప్పుడు నాలుగో రోజు దగ్గర మొదలవుతుంది. 212 కనబడని చోట 209 శిఖరమైంది. ఆ 212 ఒక్కరోజు ఆలస్యంగా, నాలుగో రోజున వచ్చి ఉంటే, ఇదే ధరకు అప్ గీత సున్నా దగ్గరే ఉండేది. అంటే సగం గెంతు ఈనాటి కొనుగోలుదారుల వల్ల వచ్చింది, సగం క్యాలెండర్ వల్ల వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను బట్టి కూడా ఇది మారుతుంది. ఈరోజుతో కలిపి పదే లెక్కపెట్టే ప్రోగ్రాముల్లో శిఖరం ఒకరోజు ముందే జారిపోతుంది, గీత అసలు సున్నాకే దిగదు. ఒకే షేరుకు రెండు చార్టుల్లో రెండు రకాల ఆరూన్ కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

ఇలాంటి గెంతును పట్టుకోవడం కష్టమేమీ కాదు. గీత 100కు ఎగిరిన రోజున ధర పాత శిఖరాన్ని నిజంగా దాటిందా అని చార్టు పైభాగంలో చూస్తే సరి. లేదా వెనక్కి చూసే రోజులను 20కి పెంచాలి. మన షేరుకు అలా చేస్తే 212 మళ్లీ లెక్కలోకి వస్తుంది. దానికి 11 రోజుల వయసు కాబట్టి అప్ 45 దగ్గర ఆగిపోతుంది.

రెండో బలహీనత ఇంకా మౌలికమైనది. దాన్ని చూడాలంటే 2024 జూన్ మొదటివారాన్ని తలుచుకోవాలి. జూన్ 3న ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ 23,338.70 తాకింది, అప్పటికి అదే చరిత్రలో గరిష్ఠం. మర్నాడు లోక్‌సభ ఓట్ల లెక్కింపు. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ ఫలితాల రోజు కూడా అదే కాబట్టి మనలో చాలామంది మార్కెట్ వంక చూసే ఉండరు. ఆరోజు నిఫ్టీ 21,281.45 దాకా కూలి, చివరికి దాదాపు 6 శాతం నష్టంతో ముగిసింది.

25 రోజుల ఆరూన్‌లో ఒక్కో రోజు విలువ 4. జూన్ 4 సాయంత్రం డౌన్ గీత 100. మరి అప్ గీత? శిఖరం నిన్నటిదే కాబట్టి 96! అంత పతనం జరిగిన రోజున కూడా అప్ గీత తగ్గింది నాలుగే. నిఫ్టీ ఆరు శాతం కాక అర శాతమే పడి, దాంతోనే కొత్త కనిష్ఠం ఏర్పడి ఉన్నా, రెండు గీతలూ ఇవే అంకెలు చూపేవి. పతనం ఎంత లోతైనదో చెప్పే భాగం ఈ సూత్రంలో లేదు. ఒక గీత 70 పైన, రెండోది 30 కింద ఉంటే బలమైన ధోరణి అని చెప్పే మామూలు నియమానికి, రెండూ ఆకాశంలో ఉన్న ఇలాంటి రోజు దొరకదు. ఒడిదుడుకుల పరిమాణం తెలియాలంటే రోజువారీ ధరల వెడల్పును కొలిచే మరో సూచిక పక్కన ఉండాల్సిందే.

జూన్ 10న నిఫ్టీ 23,411.90 తాకి పాత రికార్డును దాటింది. అప్ మళ్లీ 100 అయింది, ఈసారి నిజంగానే. డౌన్ అప్పటికి 84 దగ్గరే ఉంది. అక్కడినుంచి అది ట్రేడింగ్ జరిగిన ప్రతి రోజూ నాలుగు చొప్పునే దిగింది. మార్కెట్ ఎంత దూకుడుగా ఎగబాకినా ఆ వేగం పెరగదు, తగ్గదు. జూన్ 27న నిఫ్టీ తొలిసారి 24,000 దాటినప్పుడు డౌన్ 36. అది 30 కిందికి వచ్చి, నియమం ప్రకారం పెరిగే ధోరణి ఖాయమైంది జూలై 1న. డౌన్ గీత సున్నాను చేరింది జూలై 10న.