పోస్టరు వెనక బొమ్మ: స్తంభాలు లెక్కపెట్టండి, బోర్డు చదవండి

వార్షికోత్సవాలు, ఉజ్జీవ సభలు, క్రిస్మస్ ఆరాధనల పోస్టర్లు ప్రకటన నిమిత్తం మాకు తరచుగా చేరుతుంటాయి. ఈమధ్య వాటిలో చాలావాటికి వెనక బొమ్మను కృత్రిమ మేధతోనే చేయిస్తున్నారు. సంఘంలోని యవ్వనస్థులు నాలుగు మాటలు టైపు చేస్తే చాలు, సాయంకాలపు ఆకాశం కింద గంటగోపురం, సిలువ, కొబ్బరిచెట్లతో ఒక మందిరం నిమిషంలో సిద్ధమవుతుంది. ఖర్చు తక్కువ, పని త్వరగా అవుతుంది. అయితే ఆ బొమ్మలో ఎక్కడెక్కడ లోపాలుంటాయో తెలియకుండా నేరుగా ముద్రణకు పంపితే, సభల రోజున వాక్యం వినవలసినవారు ఫ్లెక్సీ వంక చూసి నవ్వుకుంటారు.

గోదావరి జిల్లాల నుండి వచ్చిన ఒక పోస్టరును ఉదాహరణగా తీసుకుందాం. బొమ్మలో వీధి చివర తెల్లని మందిరం, దాని ముందు స్తంభాల వరండా ఉన్నాయి. చుట్టూ ఇనుప గ్రిల్ బిగించిన ప్రహరీ, గేటు పక్కన చిన్న బోర్డు, వెనక కొబ్బరిచెట్లు. ఫోనులో చూస్తే ముచ్చటగానే ఉంది. కానీ ఆ బొమ్మ వెడల్పు 1024 పిక్సెళ్లు. దాన్ని పది అడుగుల ఫ్లెక్సీగా వేయిస్తే, అంటే 120 అంగుళాలకు సాగదీస్తే, అంగుళానికి ఎనిమిదిన్నర పిక్సెళ్లే వస్తాయి. గేటు బోర్డు వెడల్పు 40 పిక్సెళ్లు. ఫోనులో అది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఫ్లెక్సీ మీద దాదాపు అయిదు అంగుళాలవుతుంది, నిలబడి చదివేంత. కనుక ఫోనులో చూసి బాగుందని తేల్చకండి. కంప్యూటరు మీద రెండింతలు పెద్దది చేసి, ఎడమ నుండి కుడికి మెల్లగా జరుపుతూ చూడండి.

మొదట కట్టడాన్ని చూడాలి. ఎందుకంటే దాన్ని సరిచేసేటప్పుడు చుట్టుపక్కలవి కూడా మారిపోతాయి. ముందుగా అక్షరాలు దిద్దుకుని కూర్చుంటే ఆ పని మళ్లీ చేయాల్సివస్తుంది.

మన బొమ్మలోని వరండాకు పైన అయిదు స్తంభశీర్షాలున్నాయి, కింద ఆరు పీఠాలున్నాయి. పైనుండి వచ్చిన ఒక స్తంభం మధ్యలో గోడ నీడలో కలిసిపోయి, కింద రెండుగా తేలింది. బొమ్మలు చేసే యంత్రానికి బరువు ఎలా దిగుతుందో తెలియదు. స్తంభం పైభాగం ఎలా కనబడుతుందో, కిందిభాగం ఎలా కనబడుతుందో లక్షల ఫోటోల నుండి నేర్చుకుంది. ఆ రెండింటినీ ఒకే రాతిగా ఎరగదు. కనుక మీ వేలితో ఒక్కొక్క స్తంభాన్నీ పీఠం నుండి శీర్షం దాకా తడుముతూ వెళ్లండి. మెట్లయితే ఎక్కి చూడండి, చివర తలుపుందా, గోడ ఉందా? గోథిక్ కట్టడమైతే కోసుగా ఉన్న ప్రతి కమానుకూ రెండు పాదాలున్నాయా, ఆ రెండూ స్తంభాల మీదనే ఆనుతున్నాయా? 1924లో ప్రతిష్ఠించిన మెదక్ కేథడ్రల్ ఫోటో ఒకటి పక్కన పెట్టుకుని చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. అక్కడ ఏ కమానూ గాలిలో వేలాడదు.

తర్వాత గీతల పరీక్ష. నిజంలో ఒకదానికొకటి సమాంతరంగా ఉండి దూరంగా సాగిపోయే గీతలు బొమ్మలో ఒకే బిందువు దగ్గర కలవాలి. రైలు పట్టాలు దూరాన కలిసినట్టు కనబడతాయే, అదే సూత్రం. బొమ్మ మీద సన్నని ఎర్రగీతలతో వరండా చూరును, అరుగు అంచును, పక్కనే సాగే ప్రహరీ పైఅంచును పొడిగించండి. మన బొమ్మలో చూరు, అరుగు ఒకచోట కలిశాయి. ప్రహరీ గీత మాత్రం వాటికి చాలా పైన ఆకాశంలోకి పోయింది. అంటే మందిరాన్ని నేల మీద నిలబడి, ప్రహరీని మేడ మీద నుండి చూసినట్టయింది. ఇది కొత్త తప్పేమీ కాదు. ఇంగ్లీషు చిత్రకారుడు విలియం హోగార్త్ 1754లో, జాషువా కర్బీ రాసిన పుస్తకం కోసం, కావాలనే ఇలాంటి తప్పులతో ఒక చిత్రం గీశాడు. దూరదృశ్యం తెలియనివాడు గీస్తే ఎలా ఉంటుందో చూపడానికి. అందులో దగ్గరగా ఉన్న సత్రం బోర్డుకు దూరపు కొండమీది చెట్లు అడ్డువస్తాయి. ఇప్పటి బొమ్మల్లో లోపాలు వెతకడం నేర్పడానికి అంతకన్నా మంచి పాఠం మాకు కనబడలేదు. సండే స్కూల్ పిల్లలకు ఇచ్చి చూడండి, పెద్దలకన్నా వాళ్లే ఎక్కువ పట్టేస్తారు.

సరిచేయడం ఎలా? చాలా యాప్‌లలో బొమ్మలో కొంత భాగాన్ని మాత్రం పూసి, అంతవరకే మళ్లీ గీయించే సదుపాయం ఉంటుంది. దీన్ని ఇన్‌పెయింటింగ్ అంటారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, చెడిన ముక్కను మాత్రమే పూయడం. అలా చేస్తే పైన అయిదు, కింద ఆరు అలాగే ఉంటాయి గనుక యంత్రం వాటినే మళ్లీ ఎలాగో అతికిస్తుంది. స్తంభాన్ని పీఠం కింద నేల నుండి కమాను వంపు దాకా మొత్తంగా పూయాలి. మార్పు ఎంత బలంగా ఉండాలో చెప్పే అంకె సున్నా నుండి ఒకటి వరకు ఉంటుంది. 0.3 దగ్గర పాత ఆకారమే మిగులుతుంది. స్తంభం నిజంగా మారాలంటే 0.7 దాకా పోవాలి. నాలుగైదు సార్లు గీయించి, అందులో సరైనది ఏరుకోవాలి.

ప్రహరీ విషయంలో మాత్రం అతుకులు పనికిరావు. రెండు కట్టడాలు రెండు ఎత్తుల నుండి చూసినట్టుంటే బొమ్మ మొత్తం మళ్లీ చేయించాలి, లేదా ఒకదాన్ని కత్తిరించెయ్యాలి. ఈ పోస్టరులో కింది మూడోవంతు మీద ఎలాగూ ప్రసంగీకుల ఫోటోలు వస్తాయి. కనుక ప్రహరీలో ఎక్కువ భాగాన్ని కత్తిరించి, గేటు, బోర్డు ఉన్న కుడివైపు ముక్కను మాత్రం ఉంచమని సూచించాం. ఆ ముక్క చిన్నది కావడంతో వంకర కంటికి ఆనలేదు.

ఇక పునరుక్తి. మన బొమ్మలో ఏడు కొబ్బరిచెట్లున్నాయి. వాటిలో మూడు ఒకే చెట్టు. ఒకే వంపు, ఎడమవైపు విరిగి వేలాడే ఒకే మట్ట. మరోవైపు గ్రిల్‌లోని ఊచలు మొదట్లో సమదూరంలో ఉండి, నడుమ మూడు కలిసి రెండై, తర్వాత మళ్లీ విడిపోయాయి. గుర్తుంచుకోవడానికి తేలికైన సంగతి ఒకటి చెబుతాం. మనిషి చేసినవి, అంటే ఊచలు, టైల్స్, కిటికీలు, ఒకేలా పునరావృతం కావాలి. మొలిచినవి, అంటే చెట్లు, మబ్బులు, జనంలోని ముఖాలు, కాకూడదు. యంత్రం తరచుగా దీన్ని తలకిందులు చేస్తుంది. పట్టుకోవడానికి, ఒక చెట్టులో విచిత్రంగా ఉన్న ఒక్క గుర్తును ఎంచుకుని, దాని జంట ఎక్కడుందో వెతకండి. చెట్టంతటినీ పోల్చబోతే కన్ను అలసిపోతుంది.

ఒక్కోసారి గోపురాలే రెండు వస్తాయి. యంత్రం నేర్చుకున్న కొలతకన్నా బాగా వెడల్పైన బొమ్మ అడిగినప్పుడు, ఖాళీని నింపడానికి అదే విషయాన్ని రెండోసారి గీస్తుంది. అలాంటప్పుడు చిన్న కొలతలోనే చేయించి, తర్వాత పెద్దది చేసుకోవడం మేలు.

చెట్లను సరిచేయడానికి జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులోని క్లోన్ టూల్‌తో పక్కనున్న ఆకాశాన్ని తెచ్చి రెండు చెట్లను చెరిపివేయవచ్చు. కంట్రోల్ కీ నొక్కి ఎక్కడి నుండి తేవాలో చూపించి, ఆపైన పూయాలి. అయితే ఒకేచోటి నుండి తెస్తూ పోతే అదే మబ్బు నాలుగుసార్లు పడుతుంది, చెట్ల జబ్బు పోయి మబ్బుల జబ్బు వస్తుంది. రెండు మూడు చోట్ల నుండి మార్చిమార్చి తీసుకోండి. గ్రిల్‌కు మాత్రం ఇదే గుణం ఉపకారం. బాగున్న నాలుగు ఊచలను నకలు చేసి, చెడిన చోట వరుసగా పెడితే సరి.

చివరగా బోర్డు. దూరం నుండి తెలుగులా ఉంది. దగ్గరకు వెళితే తలకట్టు ఉంది, కొమ్ము ఉంది, వత్తులాంటివీ ఉన్నాయి, కానీ ఒక్కటీ అక్షరం కాదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి యంత్రాలు బొమ్మను నేరుగా పిక్సెళ్లలో ఆలోచించవు. ఎనిమిది పిక్సెళ్ల పొడవు, ఎనిమిది పిక్సెళ్ల వెడల్పు ఉన్న ముక్కను ఒక గడిగా కుదించి పనిచేస్తాయి. 40 పిక్సెళ్ల బోర్డంటే అడ్డంగా అయిదు గడులు. 'మందిరము' అన్న మాటకు గుడి, కొమ్ము, సున్నాతో సహా అయిదు గడుల్లో చోటెక్కడ? ఇంగ్లీషు అక్షరాలను కొత్త యంత్రాలు చాలావరకు సరిగా రాస్తున్నాయి. తెలుగును మాత్రం వాటికి అప్పగించకండి. గుడి, గుడిదీర్ఘం తేడాతో అర్థమే మారిపోయే భాష మనది.

అందుచేత బోర్డు మీద మళ్లీ రాయమని యంత్రాన్ని అడగవద్దు. బోర్డును ఖాళీ చేసి, అక్షరాలు మీరే వేయండి. బోర్డు రంగుతోనే గీతలన్నిటినీ పూసెయ్యండి. ఆ బొమ్మను ముందుగా మూడు నాలుగింతలు పెద్దది చేసుకుంటే అక్షరాలకు చోటు దొరుకుతుంది. రామభద్ర, మండలి వంటి ఉచిత యూనికోడ్ ఫాంటుతో సంఘం పేరు వేరే పొర మీద టైపు చేసి, పర్‌స్పెక్టివ్ టూల్‌తో నాలుగు మూలలనూ బోర్డు నాలుగు మూలలకు లాగండి. అప్పటికీ అక్షరాలు పైన అతికించినట్టే ఉంటాయి. ఆ పొరను మల్టిప్లై పద్ధతిలో పెడితే బోర్డు మీది మరకలు, నీడలు అక్షరాల గుండా కనబడతాయి. ఆపైన ఒక పిక్సెల్ మేర మసక చేస్తే చుట్టుపక్కల మసకతో కలిసిపోతాయి.

ఇంత చక్కగా సరిచేయడం వచ్చినవారికి ఒక మాట చెప్పక తప్పదు. వార్షికోత్సవ పోస్టరులో ఊహా మందిరం ఉంటే అది అలంకారమని అందరికీ తెలుసు. మందిర నిర్మాణానికి కానుకలు అడిగే పోస్టరులో లేని గోడలు, లేని స్లాబు యంత్రం చేత గీయించి, ఊచలు, స్తంభాలు సరిచేసి, బోర్డు మీద సంఘం పేరు కూడా రాస్తే, చూసేవారు దాన్ని ఫోటో అనే నమ్ముతారు. విదేశాల నుండి పంపే దాతకు వచ్చి చూసే వీలు కూడా లేదు. అలాంటి పోస్టరుకు సగం లేచిన గోడల అసలు ఫోటోనే వాడాలి, ఎండలో వెలిసిపోయి కనబడినా సరే. ఊహాచిత్రమే కావాలంటే దాని మీదనే 'నమూనా చిత్రం' అని కనబడేంత అక్షరాలతో వేయాలి. ఆ మాట లేకుండా వచ్చే నిర్మాణ ప్రకటనలను మేము ప్రచురించడం లేదు.

ముద్రణకు ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా ఫ్లెక్సీ దుకాణాల్లో ఇంకా అనూ ఫాంట్లే వాడుతున్నారు. మీ యూనికోడ్ అక్షరాలను అక్కడ అతికిస్తే చెల్లాచెదరవుతాయి. కనుక అక్షరాలతో సహా పూర్తి బొమ్మగానే ఇవ్వండి. పొరలు విడివిడిగా ఉన్న అసలు ఫైలును మీ దగ్గర దాచుకోండి. వచ్చే ఏడు తేదీ, ప్రసంగీకుల పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.