పేరు మారింది, ఊరు మారలేదు

చెన్నపట్నం, మద్రాసు, చెన్నై. మూడు పేర్లు. పట్నం ఒకటే.

1953 దాకా కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. నెల్లూరు వాళ్ళు పెద్ద కోర్టుకు పోవాలన్నా, పెద్ద ఆసుపత్రికి పోవాలన్నా మద్రాసుకే రైలెక్కేవాళ్ళు. అందుకే మన ఇళ్ళలో పెట్టె అడుగున ఉన్న పాత కాగితాల మీద "మదరాసు" అన్న మాట కనబడుతుంది. కొన్న పొలం నెల్లూరు జిల్లాలో ఉంటుంది. కాగితం మీద మదరాసు అని ఉంటుంది. అది చూసి కొందరు కంగారు పడతారు. ఈ కాగితం మనది కాదేమో అనుకుంటారు. చెల్లదేమో అని భయపడతారు.

ఆ భయం ఎందుకు అక్కరలేదో తెలియాలంటే, పేర్లు ఎట్లా మారాయో ముందు తెలుసుకోవాలి.

పేర్లు ఎందుకు మారాయి?

1639లో ఇంగ్లీషు వర్తకుల కంపెనీ సముద్రం ఒడ్డున కోట కట్టుకోవడానికి చోటు అడిగింది. ఆ ప్రాంతం అప్పుడు దామెర్ల వారి ఏలుబడిలో ఉంది. వాళ్ళు తెలుగు నాయకులు. వాళ్ళ తండ్రి పేరు చెన్నప్ప. ఆయన పేరు మీదే చెన్నపట్నం అన్న పేరు వచ్చిందని చాలామంది చరిత్రకారులు చెబుతారు. పక్కనే మద్రాసుపట్నం అనే పల్లె ఉండేది. ఇంగ్లీషు వాళ్ళు రాతకోతల్లో మద్రాసు అనే రాసుకున్నారు. తెలుగువాళ్ళు మాత్రం చెన్నపట్నం అనే పిలుచుకున్నారు. అంటే జనం నోట ఒక పేరు, సర్కారు కాగితం మీద ఇంకో పేరు. మూడు వందల ఏళ్ళకు పైగా ఇట్లాగే నడిచింది.

దేశానికి స్వతంత్రం వచ్చాక జనం నోట ఉన్న పేరే కాగితం మీద కూడా ఉండాలన్నారు. 1969లో మద్రాసు రాష్ట్రం తమిళనాడు అయింది. 1996లో మద్రాసు నగరం చెన్నై అయింది. అంతకు ముందు ఏడు, 1995లో, బొంబాయి ముంబై అయింది. 2001లో కలకత్తా కోల్‌కతా అయింది.

వీధుల పేర్లు మారడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత వీధులకు తెల్లదొరల పేర్లో, వాళ్ళు పెట్టిన పేర్లో ఉండేవి. వాటి బదులు మన నాయకుల పేర్లు పెట్టారు. మద్రాసులో సెయింట్ థామస్ కొండకు పోయే పెద్ద రోడ్డును మౌంట్ రోడ్డు అనేవాళ్ళు. ఇప్పుడు దాని పేరు అణ్ణా సాలై. సాలై అంటే తమిళంలో రోడ్డు. తమిళనాడు ముఖ్యమంత్రిగా పనిచేసిన అణ్ణాదురై పేరు అది. సికింద్రాబాదులో జేమ్స్ స్ట్రీట్ మహాత్మా గాంధీ రోడ్డయింది. ఇప్పటికీ పాతవాళ్ళు మౌంట్ రోడ్డు అనే అంటారు. ఇంటి కాగితం మీద మౌంట్ రోడ్డు అని ఉంటే, ఆ ఇల్లు అణ్ణా సాలైలో ఉన్నట్టే.

కొన్ని చోట్ల పాత పేరు అట్లాగే నిలిచిపోయింది. నగరం చెన్నై అయినా అక్కడి హైకోర్టు పేరు ఇప్పటికీ మద్రాసు హైకోర్టే.

పేరు ఎవరు మారుస్తారు?

రోడ్డు పేరు మామూలుగా మునిసిపాలిటీ గాని, కార్పొరేషన్ గాని తీర్మానం చేసి మారుస్తుంది. ఊరి పేరు రాష్ట్ర ప్రభుత్వం మారుస్తుంది. దానికి ఢిల్లీలోని హోం శాఖ ఒప్పుకోవాలి. రాష్ట్రం పేరు మార్చాలంటే పార్లమెంటు చట్టం చేయాలి. ఊరి పేరు మారినా, రాష్ట్రం పేరు మారినా ప్రభుత్వ గెజిట్‌లో అచ్చు వేస్తారు. ఏ తేదీ నుంచి కొత్త పేరు వాడాలో అందులో ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త పేరు ఆ తేదీ నుంచి ముందుకే నడుస్తుంది. వెనక్కు పోయి పాత కాగితాలను దిద్దదు. పాత కాగితాలను రద్దు కూడా చేయదు. మద్రాసు రాష్ట్రం పేరు మార్చిన చట్టంలోనే ఈ ఏర్పాటు ఉంది. అప్పటికి కోర్టులో నడుస్తున్న కేసుల్లో మద్రాసు రాష్ట్రం అని ఉన్న చోట తమిళనాడు రాష్ట్రం అని చదువుకోవాలని అందులో రాశారు. పేరు మారిందని కేసులు కొట్టేయలేదు.

ఒక పాత కాగితం

నెల్లూరు దగ్గర ఒక కుటుంబం ఉందనుకుందాం. తాత 1950లో పొలం కొన్నాడు. ఇప్పుడు ఆయన లేడు, ఆయన కొడుకూ లేడు. పొలాన్ని వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. ఒక దళారి కాగితం చూసి, "దీని మీద మదరాసు అని ఉంది. ఇది చెల్లదు. ఇరవై వేలు ఇస్తే కొత్త కాగితం పుట్టిస్తా" అన్నాడు. అత్త భయపడింది. కోడలికి చదువు వచ్చు.

"ఉండత్తా, ముందు చదవనీ" అంది.

కాగితం మీద ఇట్లా ఉంది: మదరాసు రాష్ట్రము, నెల్లూరు జిల్లా, కోవూరు తాలూకా. తర్వాత గ్రామం పేరు. సర్వే నెంబరు 112. ఎకరా 20 సెంట్లు. తూర్పు హద్దు పంట కాలవ. మిగతా మూడు హద్దులు పక్క పొలాల వాళ్ళ పేర్లు.

ఇంట్లో ఉన్న పట్టాదారు పాసుపుస్తకం కూడా తీసింది. అందులో ఇట్లా ఉంది: ఆంధ్రప్రదేశ్, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, కోవూరు మండలం. తర్వాత అదే గ్రామం. అదే సర్వే నెంబరు. అదే విస్తీర్ణం.

"రాష్ట్రం వేరే, జిల్లా వేరే, తాలూకా వేరే. మూడూ కలవడం లేదే!" అంది అత్త.

మూడింటికీ కారణం ఉంది.

రాష్ట్రం సంగతి. ఆంధ్ర రాష్ట్రం కావాలని పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్ష చేశారు. 58 రోజులు చేసి, 1952 డిసెంబరు 15న ప్రాణం విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తాత పొలం కొన్నది 1950లో. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు. కాబట్టి మదరాసు రాష్ట్రం అని ఉండడమే సరి. 1950 కాగితం మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంటేనే అనుమానపడాలి!

జిల్లా సంగతి. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు చేర్చారు. జిల్లా పేరే మారింది. నెల్లూరు నగరం పేరు నెల్లూరే.

తాలూకా సంగతి. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టారు. ఒక తాలూకాలోని ఊళ్ళు కొన్ని మండలాలుగా విడిపోయాయి. అందుకే కొన్ని ఊళ్ళకు పాత కాగితంలో తాలూకా పేరు ఒకటి, కొత్త కాగితంలో మండలం పేరు ఇంకొకటి ఉంటుంది.

అంటే మారినవి పైనున్న పేర్లే. గ్రామం, సర్వే నెంబరు, విస్తీర్ణం, హద్దులు మారలేదు. పొలాన్ని పట్టి ఇచ్చేవి ఇవే.

ఎట్లా పోల్చుకోవాలి?

ముందు కాగితం మీద తేదీ చూడాలి. ఆ తేదీ నాటికి ఏ పేరు నడుస్తున్నదో ఆ పేరే అందులో ఉండాలి. తర్వాత గ్రామం, సర్వే నెంబరు, విస్తీర్ణం పోల్చాలి. ఆ తర్వాత హద్దులు చూడాలి. పక్క పొలాల వాళ్ళు మారిపోయి ఉండొచ్చు. కాలవ, బాట, చెరువు మాత్రం మామూలుగా అక్కడే ఉంటాయి.

కాగితం వెనక వైపు రిజిస్ట్రేషన్ ఆఫీసు ముద్ర ఉంటుంది. అక్కడ దస్తావేజు నెంబరు, సంవత్సరం ఉంటాయి. ఏ సబ్ రిజిస్ట్రారు ఆఫీసో ఉంటుంది. ఈ మూడూ చెబితే ఆఫీసులో పాత పుస్తకం తీసి చూస్తారు. ఫీజు కడితే నకలు ఇస్తారు. జిల్లా పేరు మారినా దస్తావేజు నెంబరు మారదు. ఆంధ్రప్రదేశ్‌లో 1983 నుంచి జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు కంప్యూటరులో దొరుకుతాయి. అంతకు ముందువి కావాలంటే ఆఫీసుకు పోయి పాత పుస్తకాలు వెతికించాలి. తర్వాతి కాలంలో కొత్త ఆఫీసులు పెట్టారు. కాబట్టి పాత పుస్తకం ఇప్పుడు ఏ ఆఫీసులో ఉందో ముందు అడగాలి.

ఒక చోట మాత్రం సర్వే నెంబరు కూడా మారుతుంది. పొలం పంచుకుంటే 112 కాస్తా 112/1, 112/2 అవుతుంది. భూముల రీసర్వే పూర్తయిన ఊళ్ళలో పాత సర్వే నెంబర్ల బదులు ఎల్.పి. నెంబర్లు ఇచ్చారు. అప్పుడు పాత నెంబరుకు ఏ కొత్త నెంబరు వచ్చిందో చూపే కాగితం రెవెన్యూ వాళ్ళను అడిగి తీసుకోవాలి. దాన్ని పాత దస్తావేజుతో కలిపి పెట్టుకోవాలి.

పేర్లు కలవకపోవడం వేరు, పొలం కలవకపోవడం వేరు. సర్వే నెంబరుకు కారణం దొరకకుండా తేడా ఉన్నా, విస్తీర్ణం తగ్గినా, కాలవ ఉండాల్సిన చోట ఇంకేదో ఉన్నా అది పేరు మారిన గొడవ కాదు. ఆ కాగితం వేరే పొలానిది కావచ్చు. ఎవరో కొంత అమ్మి ఉండొచ్చు. దాన్ని సర్వేయరు చేత కొలిపించి తేల్చుకోవాలి.

పాత కాగితం మీద పెన్ను పెట్టొద్దు

మదరాసు అన్న మాట కొట్టేసి ఆంధ్రప్రదేశ్ అని రాస్తే కాగితం బాగుపడదు, పాడవుతుంది. దిద్దిన కాగితాన్ని ఆఫీసులో గాని, కోర్టులో గాని అనుమానంగా చూస్తారు. కొత్తగా దస్తావేజు రాయించేటప్పుడు రెండు పేర్లూ రాయిస్తే చాలు. "పూర్వము మదరాసు రాష్ట్రము, నెల్లూరు జిల్లా, కోవూరు తాలూకా, ప్రస్తుతము ఆంధ్రప్రదేశ్, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, కోవూరు మండలం" అని రాయించాలి. అప్పుడు పాత కాగితానికీ కొత్త కాగితానికీ ముడి పడుతుంది. రేపు మనవలు చదువుకున్నా తికమక ఉండదు.

కోడలు ఈ సంగతులన్నీ పోల్చి చూసింది. దళారితో ఒకే మాట అంది. "మదరాసు అని ఉంది కాబట్టే ఇది మా తాత కొన్న నాటి కాగితం. దీన్ని మార్చే పని లేదు."

అత్త కాగితాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టింది. ఆఫీసుకు మాత్రం దాని జిరాక్సు తీసుకుని పోయారు.