జీతం సగానికి దిగే ఉద్యోగంలోకి…

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్‌గా ఉన్న ఒకామె, పల్లె బడుల మీద పనిచేసే స్వచ్ఛంద సంస్థలోకి మారాలనుకుంటోందనుకుందాం. ఇప్పటి జీతం ఏడాదికి 16,75,000. అక్కడ ఇస్తామంటున్నది 7,20,000. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెడితే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ ఇల్లు గడిచేది చేతికొచ్చే డబ్బుతో.

2025-26 కొత్త పన్ను విధానంలో పాత జీతం మీద ఆమె కట్టేది సుమారు 1,25,000. కొత్త జీతం మీద పన్నే లేదు. పీఎఫ్ కూడా పోగా ఇప్పుడు నెలకు 1,22,000 వస్తుంటే, రేపు 58,000 వస్తుంది. పూడ్చుకోవాల్సిన తేడా నెలకు 64,000.

రాజీనామాకు ముందే మూడు నెలలు ఆ 58,000తోనే బతికి చూడాలి. మిగతాది జీతం పడిన రోజే వేరే ఖాతాకు పంపేయాలి. ఇంటి లోన్ కిస్తీ, కిరాణా, కరెంటు బిల్లు సరిపోతే సంతోషమే. అయినా ఆ మూడు నెలల్లో కనిపించనివి కొన్ని ఉంటాయి: జూన్‌లో బడి ఫీజు, కారు ఇన్సూరెన్స్, పండక్కి బట్టలు. అవి ఏడాదికి 1,20,000 అయితే నెలకు పదివేలు లోటు ఉన్నట్టే. రెండేళ్లకు 2,40,000 ముందే చేతిలో ఉండాలి. మూడు నెలల్లో పక్కన పడేది 1,92,000 కాబట్టి ఇంకో నెల ఓపిక పడితే చాలు. కంపెనీ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది గనక, సొంత పాలసీ ముందే తీసుకోవాలి. ఐదేళ్ల సర్వీసుకు రెండు నెలలే తక్కువైతే ఆగడం మంచిది, గ్రాట్యుటీ వస్తుంది.

ఇక బేరం. "పాత జీతంలో కనీసం సగమైనా ఇవ్వండి" అంటే పని జరగదు. ఇలాంటి సంస్థల్లో చాలా జీతాలు దాతలిచ్చే ప్రాజెక్టు నిధుల్లోంచి వస్తాయి. ఏ పోస్టుకు ఎంతో బడ్జెట్‌లో ముందే రాసి ఉంటుంది. అంకె కదలకపోయినా పోస్టు కదలొచ్చు. ఆమె విద్యారంగానికి కొత్త, పనికి కొత్త కాదు. సర్వే షీటులో ఒకే పిల్లవాడి పేరు రెండు ఊళ్లలో పడితే పట్టుకోవడం, ఆరుగురి టీమును నడపడం ఆమెకు రోజూ పనే. దాన్ని ఒక పేజీలో చూపించి, "ఫ్రెషర్లతో పాటు అసోసియేట్‌గా కాకుండా సీనియర్ అసోసియేట్‌గా తీసుకుంటారా?" అని అడగాలి. కుదరదంటే ఆరు నెలలకు గ్రేడు సమీక్ష అడగాలి. నోటి మాటను నేనైతే నమ్మను; మాటిచ్చిన మేనేజర్ మారిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. నియామక పత్రంలో రాయించుకోవాలి.

సంతకం పెట్టేముందు ఇంకొకటి అడగండి: ఈ పోస్టుకు నిధులు ఎప్పటిదాకా ఉన్నాయి? వచ్చే మార్చిదాకానే అంటే, ఆ జీతానికి అంతవరకే హామీ.