పొడవాటి వాక్యానికి చెట్టు గీద్దాం

‘ఆదివారం మామయ్య తెచ్చిన మామిడికాయలు మాగలేదని గమనించి అమ్మమ్మ వాటిని గడ్డిలో మాగబెట్టి పిల్లలకు పంచింది.’

పన్నెండు పదాలు, ఐదు క్రియలు. వ్యాకరణం తరగతిలో ఈ వాక్యమిచ్చి కర్త ఎవరని అడిగితే ‘మామయ్య’ అని చెప్పే పిల్లలుంటారు. మొదట కనిపించిన మనిషి అతనే కదా! అప్పుడు ‘కాదు, అమ్మమ్మ’ అని జవాబు చెప్పేసి ముందుకు వెళ్లిపోవడం కంటే, బోర్డు మీద వాక్యానికి చెట్టు గీయించడం మేలు. ఏ పదం ఏ పదానికి చెందుతుందో పిల్లలే కనిపెడతారు.

ఈ చెట్టుకు మొదలు పైన ఉంటుంది, కొమ్మలు కిందికి దిగుతాయి. పైన పెట్టాల్సింది వాక్యాన్ని ముగించే సమాపక క్రియను. తెలుగులో అది సాధారణంగా చివర ఉంటుంది కాబట్టి వాక్యాన్ని వెనక నుంచి చదవడం మొదలుపెట్టాలి. మన వాక్యంలో అది ‘పంచింది’. క్రియను పైన నిలిపి మిగతా పదాలను దానికి వేలాడదీసే ఈ పద్ధతిని ఫ్రెంచి భాషావేత్త ల్యూసియన్ టెనియేర్ విస్తారంగా వివరించాడు. ఆయన పుస్తకం ఆయన పోయాక, 1959లో వెలువడింది. మన పాణిని చెప్పిన కారకాలు కూడా క్రియతో పదాలకు ఉండే సంబంధాలే.

ఇక మిగిలిన నాలుగు క్రియల తోకలు చూడాలి. ‘తెచ్చిన’ క్రియాజన్య విశేషణం. అది తన తర్వాతి నామవాచకానికి, అంటే ‘మామిడికాయలు’ అనే మాటకు వేలాడుతుంది. ‘మాగలేదు’ తర్వాత ‘అని’ చేరింది. అంటే అక్కడికి ఒక చిన్న వాక్యం పూర్తయి, మొత్తంగా ‘గమనించి’ కిందికి వెళ్తుంది. ‘గమనించి’, ‘మాగబెట్టి’ క్త్వార్థకాలు. వాటి పని పూర్తయ్యాక ఇంకో పని జరిగిందని చెబుతూ ముందున్న క్రియకు చేరతాయి.

తర్వాత ఒక్కో క్రియనూ ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎవరికి, ఎప్పుడు అని అడుగుతూ పోతే చెట్టు ఇలా వస్తుంది:

```
పంచింది
├─ ఎవరు: అమ్మమ్మ
├─ ఎవరికి: పిల్లలకు
├─ వేటిని: (ఖాళీ)
├─ మాగబెట్టి
│  ├─ వేటిని: వాటిని
│  └─ ఎక్కడ: గడ్డిలో
└─ గమనించి
   └─ మాగలేదు + అని
      └─ ఏవి: మామిడికాయలు
         └─ తెచ్చిన
            ├─ ఎవరు: మామయ్య
            └─ ఎప్పుడు: ఆదివారం
```

మామయ్య ఎంత కిందికి వెళ్లాడో చూడండి. అతను కర్తే, కానీ ‘తెచ్చిన’ అనే క్రియకు మాత్రమే. క్రియ ప్రత్యయం కూడా ఇదే చెబుతుంది: పంచినవాడు మామయ్యే అయితే ‘పంచాడు’ అని ఉండాలి. పంచినవి ఏవో వాక్యంలో విడిగా చెప్పలేదు, ‘వాటిని’ అన్న మాటే అక్కడికీ సరిపోతుంది. అందుకే ఆ చోటు ఖాళీగా చూపించాం. అలాగే గమనించింది, మాగబెట్టింది కూడా అమ్మమ్మే. క్త్వార్థకానికీ ప్రధాన క్రియకూ కర్త సాధారణంగా ఒకటే ఉంటుంది. అయితే ‘వర్షాలు పడి చెరువులు నిండాయి’ వంటి కార్యకారణ వాక్యాల్లో కర్తలు వేరు కావచ్చు. కాబట్టి సూత్రం గుడ్డిగా వర్తింపజేయకుండా అర్థం చూసుకోవాలి.

అసలు చిక్కు ‘ఆదివారం’ దగ్గరుంది. మామయ్య కాయలు తెచ్చింది ఆదివారమా, అమ్మమ్మ పళ్లు పంచింది ఆదివారమా? వాక్యం రెండింటికీ చోటిస్తుంది. రెండో అర్థం కావాలంటే ఆ కొమ్మను తెంపి నేరుగా ‘పంచింది’ కింద పెట్టాలి. అవే పదాలు, అదే వరస, చెట్లు మాత్రం రెండు. ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు ఆ పదాన్ని కదిపి చూడాలి. ‘మామయ్య ఆదివారం తెచ్చిన’ అంటే తెచ్చిన రోజు. ‘పిల్లలకు ఆదివారం పంచింది’ అంటే పంచిన రోజు. రాసేవాడు తన ఉద్దేశాన్ని బట్టి పదాన్ని దాని క్రియ పక్కకు జరిపితే చదివేవాడికి సందేహం ఉండదు.

సంక్లిష్ట వాక్యాన్ని సామాన్య వాక్యాలుగా విడగొట్టే అభ్యాసం మన బడుల్లో ఉన్నదే. కానీ మామయ్య కాయలు తెచ్చాడు, కాయలు మాగలేదు, అమ్మమ్మ గమనించింది, మాగబెట్టింది, పంచింది అని ఐదు ముక్కలు రాస్తే, ఏ ముక్క దేనికి లోబడి ఉందన్న సంగతి చెరిగిపోతుంది. చెట్టులో అది నిలుస్తుంది. తెలుగు మాస్టార్లు ఈ వారం పత్రికలోంచి ఒక పొడవాటి వాక్యం ఎంచి, పిల్లల చేత చివరి క్రియ నుంచి చెట్టు గీయించండి. ఇద్దరు పిల్లలు రెండు రకాల చెట్లు గీస్తే వెంటనే ఒకటి తప్పని కొట్టేయకండి. ఆ వాక్యానికే రెండు అర్థాలున్నాయేమో ముందు చూడండి.