రత్తమ్మ చెంప మీద పుట్టుమచ్చ

నిరుడు వేసవిలో, రోడ్డు పక్కన తాటిముంజలు అమ్మే ఒక ముసలమ్మ మీద ఆరు షాట్ల బుల్లి కథ చేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆమెకు రత్తమ్మ అని పేరు పెట్టుకున్నాను. వేపచెట్టు కింద గంప దించుకోవడం, కత్తితో కాయ కొట్టడం, ఓ కుర్రాడు రావడం, ఉన్నట్టుండి వాన, సాయంత్రం ఖాళీ గంపతో ఇంటిదారి, చివర దగ్గరగా ఆమె నవ్వు. ఆరింటికీ వర్ణన రాసి ఇచ్చాను. ఆరు బొమ్మలూ బాగానే వచ్చాయి గానీ ఆరుగురు రత్తమ్మలు వచ్చారు. వరసగా పెట్టి చూస్తే పెళ్లిలో గ్రూపు ఫొటోకి నిలబడ్డ అక్కచెల్లెళ్లలా ఉన్నారు. వానలో తడిసినావిడ అయితే మరీ పదేళ్లు చిన్నది, రంగు కూడా తేలిపోయింది.

తప్పు నా వర్ణనలో ఉందనుకుని ఇంకా పొడుగ్గా రాశాను. ఫలితం అంతంతమాత్రమే. ఎందుకో తెలియాలంటే ఈ బొమ్మ ఎలా పుడుతుందో కాస్త చూడాలి. డిఫ్యూజన్ మోడళ్లు ప్రతిసారీ పాత టీవీలో సిగ్నల్ పోయినప్పుడు కనిపించే చుక్కల్లాంటి గజిబిజితో మొదలుపెడతాయి. మన మాటలకు సరిపోయే ఆకారం వచ్చేదాకా ఆ గజిబిజిని మెట్టుమెట్టుగా శుభ్రం చేస్తాయి. రెండో షాట్ గీసేటప్పుడు మొదటి షాట్‌లో ఎవరున్నారో, దాన్ని మనం మళ్లీ చూపిస్తే తప్ప, మోడల్‌కి తెలియదు. చందమామలో శంకర్ గారు దశాబ్దాల పాటు గీసిన విక్రమార్కుడు ఎప్పుడూ ఆ విక్రమార్కుడే అయ్యాడంటే, చెయ్యీ జ్ఞాపకమూ ఒకరివే కాబట్టి. ఇక్కడ ప్రతి షాట్‌కీ కొత్త చిత్రకారుడు వచ్చినట్టే లెక్క.

అందుకని మాటలకు ఒక హద్దు ఉంది. ‘అరవై అయిదేళ్ల సన్నటి మనిషి, నెరిసిన ముడి’ అంటే అది లక్షమందికి సరిపోతుంది. కనుబొమల మధ్య ఎడం, పెదవి వంపు, దవడ ఎముక తిరిగిన తీరు మాటల్లోకి రావు. మాట ఒక రకం మనిషిని చెబుతుంది, ఫలానా మనిషిని బొమ్మే చూపించాలి. ‘సీడ్’ అంకె మార్చకపోతే ముఖం మారదని కొందరు చెబుతారు. ఆ అంకె మొదటి గజిబిజిని మాత్రమే నిర్ణయిస్తుంది. అదే సీడ్‌తో అవే మాటలిస్తే అదే బొమ్మ రావచ్చు గానీ, ‘వానలో’ అని ఒక్క మాట చేర్చామా, ముఖం కూడా జారిపోతుంది.

కాబట్టి ముందు షాట్లు పక్కన పెట్టి, రత్తమ్మను తయారుచేశాను. యానిమేషన్ వాళ్లు ఏనాటి నుంచో చేసే పనే ఇది, దాన్ని మోడల్ షీట్ అంటారు. బూడిదరంగు గోడ ముందు, మెత్తటి వెలుతురులో, ఏ భావమూ లేని ముఖంతో ఒక బొమ్మ కుదిరేదాకా ఓ ముప్ఫై నలభై సార్లు గీయించాను. నచ్చిన ఒక్కదాన్ని ఆధారంగా ఇచ్చి ముప్పాతిక ముఖం, పక్కముఖం, నిలువెత్తు రూపం రాబట్టాను. గోడ బూడిదరంగులో ఉండటానికి కారణముంది. ఆధార చిత్రంలో ఎండ ఉంటే అది వాన షాట్‌లోకీ వస్తుంది. నవ్వు ఉంటే ఏడవాల్సిన చోటా నవ్వుతుంది. మొదటిసారి వేపచెట్టు కింది బొమ్మనే ఆధారంగా ఇచ్చి, ఇంట్లో కూర్చున్న రత్తమ్మ వెనక కూడా వేపాకులు మొలిపించిన ఘనత నాది.

ఇక మాటల పని. ఆధార చిత్రం ఉన్నా వర్ణన మానకూడదు. కాకపోతే దాన్ని రెండు ముక్కలు చేయాలి. ఒకటి మారనిది:

```
Thin woman, about 65, dark brown skin, grey hair in a low bun,
small mole on left cheek, faded green cotton saree with narrow
maroon border, pallu over left shoulder
```

దీన్ని ప్రతి షాట్‌లోనూ కాపీ చేసి అతికించడమే, ఒక్క అక్షరం మార్చకూడదు. ఓ చోట ‘ఆకుపచ్చ’ అనీ, మరో చోట ‘చిలకపచ్చ’ అనీ రాస్తే రెండు చీరలు వస్తాయి. రెండో ముక్కలో ఆ షాట్‌కి సంబంధించినవే ఉంటాయి: ఎక్కడ ఉంది, ఏం చేస్తోంది, వెలుతురు ఎటు నుంచి, కెమెరా ఎంత దూరం. ఒంటిరంగు చెప్పడం మాత్రం మరవొద్దు. చెప్పకపోతే ఈ మోడళ్లు మన మనుషులకు తెల్లరంగు పూసి, ముడతలు చెరిపేయడం నేను పదేపదే చూశాను. ఇంకో జాగ్రత్త, వద్దనేది రాయకండి. ‘బొట్టు లేదు’ అని రాస్తే, ఆ మాట విన్నందుకే నుదుట బొట్టు పెట్టిన సందర్భాలు బోలెడు.

ఆధార చిత్రానికి ఎంత బరువివ్వాలన్నది తర్వాతి చిక్కు. మిడ్‌జర్నీ ఆరో వెర్షన్‌లో `--cref` తర్వాత చిత్రం లింకు ఇచ్చి, `--cw` పక్కన 0 నుంచి 100 దాకా ఒక అంకె వేస్తారు. 100 అంటే ముఖం, జుట్టు, బట్టలు అన్నీ పట్టుకుంటుంది. 0 అంటే ముఖం మీదే దృష్టి పెడుతుంది, బట్టలు మార్చాలనుకున్నప్పుడు ఇది పనికొస్తుంది. వేరే సాధనాల్లో పేరూ కొలతా వేరైనా సూత్రం అదే: చిత్రంలోంచి లక్షణాలను అంకెలుగా తీసి, గజిబిజిని శుభ్రం చేసే ప్రతి మెట్టులోనూ మాటలతో పాటు వాటినీ వినిపిస్తారు. బరువు ఎక్కువైతే మనిషి బిగుసుకుపోతుంది. కాయ కొట్టమంటే కెమెరా వైపు చూస్తూ నిలబడుతుంది. తక్కువైతే మళ్లీ చెల్లెలు వస్తుంది. నేను దగ్గరి షాట్లకు పెంచి, పని చేస్తున్న షాట్లకు తగ్గించుకున్నాను.

ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. రెండో షాట్ బాగా కుదిరిందని దాన్నే మూడోదానికి ఆధారంగా ఇచ్చాను, మూడోదాన్ని నాలుగోదానికి. జిరాక్సుకి జిరాక్సు తీసినట్టయింది. ప్రతిసారీ జరిగే చిన్న తేడా పోగుపడి, అయిదో షాట్‌కి ముక్కు సన్నబడింది, చీర అంచు రెండింతలైంది. పక్కపక్క షాట్లు చూసినప్పుడు ఇది కంటికి ఆనదు. మొదటిదాన్నీ అయిదోదాన్నీ పక్కన పెడితేనే బయటపడుతుంది. అందుకే ఎన్నో షాటైనా మళ్లీ ఆ బూడిదగోడ బొమ్మ దగ్గరికే వెళ్లాలి.

మూడో షాట్‌లో కుర్రాడు వచ్చాడు కదా, వాడి చెంప మీదా పుట్టుమచ్చ వచ్చింది. ఇద్దరి వర్ణనలు ఒకచోట ఉంటే ఒకరి లక్షణం ఇంకొకరికి అంటుకుంటుంది. రత్తమ్మను ఒంటరిగా గీయించి, కుర్రాడు నిలబడాల్సిన మేర మాత్రం చెరిపి, అక్కడ వాణ్ణి విడిగా నింపాను. ఇన్‌పెయింటింగ్ అంటే ఇదే. అయిదో షాట్‌లో ఆమె దూరంగా నడిచిపోతూ ఒకసారి వెనక్కి తిరుగుతుంది. అంత చిన్న ముఖానికి దక్కే చుక్కలు కొన్నే కాబట్టి కళ్లూ ముక్కూ ముద్దయ్యాయి. తల వరకు కత్తిరించి, పెద్దది చేసి, మళ్లీ గీయించి, తిరిగి అతికించాల్సి వచ్చింది. దానికంటే తేలికైన దారి తర్వాత తట్టింది. వెనక్కి తిరగకుండా పంపేయడమే.

చివరి నవ్వు అన్నిటికంటే బాగా వచ్చింది. ముఖం, ముడతలు, చీర అన్నీ ఆమెవే. ఆరూ వరసగా పెట్టి, నేను గురుతులుగా అనుకున్న మచ్చ, అంచు, పైట ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే దొరికింది: మచ్చ కుడి చెంప మీద ఉంది. ఎడమ అంటే ఆమె ఎడమా, చూసేవాళ్ల ఎడమా అన్నది మోడల్ తరచూ తారుమారు చేస్తుంది. అద్దంలోలా బొమ్మను తిప్పేశాను. మచ్చ ఎడమకొచ్చింది, పైట కుడి భుజం మీదికి పోయింది. మళ్లీ మామూలుగా తిప్పి, కుడి చెంపలో వేలిగోరంత మేర చెరిపి, ఎడమ చెంపలో అంతే మేర గీయించాను. నాలుగోసారికి కుదిరింది.