గట్టు మీద పడే గడి

1988 మార్చి 17న బైకనూర్ నుంచి సోవియట్ రాకెట్ మన ఐఆర్ఎస్-1ఏ ఉపగ్రహాన్ని మోసుకెళ్లింది. అందులో లిస్ అనే కెమెరా ఉంది. అంతకుముందు అమెరికా వాళ్ల లాండ్‌శాట్‌లో ఒక అద్దం అటూ ఇటూ ఊగుతూ నేలను చూసేది. లిస్‌లో అలా కదిలే భాగం లేదు. కాంతిని పట్టే 2048 గ్రాహకాలు ఒకే వరసలో ఉంటాయి. ఒక్కోటి నేల మీద 72.5 మీటర్ల చదరపు గడిని చూసి, ఆ వెలుగు ఎంతో ఒక అంకెగా చెబుతుంది. గడులన్నీ కలిస్తే 148 కిలోమీటర్ల వెడల్పు. ఉపగ్రహం ముందుకు పోతుంటే వరస కింద వరస చేరి బొమ్మ తయారవుతుంది. ఆ అంకెలు హైదరాబాద్ దగ్గర షాద్‌నగర్‌లోని కేంద్రానికి దిగేవి.

ఆ బొమ్మలో పైరు ఎర్రగా కనిపిస్తుంది. ఆకు ఎరుపు కాంతిని మింగేసి, మన కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది. ఆ పరారుణానికి తెర మీద ఎరుపు రంగు ఇస్తారు. నీరు దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి నల్లగా ఉంటుంది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆగస్టులో అప్పుడే నాట్లు వేసిన మడిలో నీళ్లే ఎక్కువ, ఆకు తక్కువ. బొమ్మలో అది చెరువులాగే నల్లగా ఉంటుంది. అక్టోబరు బొమ్మ పక్కన పెట్టి చూస్తే మడి ముదురు ఎరుపుకు తిరిగి ఉంటుంది, చెరువు నల్లగానే మిగులుతుంది. కోతలయ్యాక మడి ఎరుపు పోయి వెలవెలబోతుంది. ఒక్క తేదీ బొమ్మతో ‘ఇది మాగాణి’ అని తేల్చేయడం నాకు ఎప్పుడూ నమ్మకం కలిగించదు. అసలు ఇబ్బంది ఏమిటంటే, మనకు బొమ్మలు కావలసిన ఖరీఫ్‌లోనే మబ్బులు కమ్ముకుంటాయి. మబ్బును దాటి చూసే రాడార్ ఉపగ్రహం రీశాట్-1ను 2012లో పంపారు.

పంట ఏదో తెలిసింది, మరి పొలం ఎంత? మొదటి లిస్ గడి ఒక్కటే సుమారు 1.3 ఎకరాలు. చిన్న రైతు చేను మొత్తం ఒకే అంకెలో కలిసిపోయేది. జిల్లాలో వరి ఎంత ఉందో అంచనా వేయడానికి అది పనికొచ్చింది, చేను హద్దు గీయడానికి కాదు. 2003లో శ్రీహరికోట నుంచి వెళ్లిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-4 గడి 5.8 మీటర్లకు దిగింది. దాంతో ఒక ఎకరాన్ని కొలిచి చూద్దాం.

ఎకరమంటే 4047 చదరపు మీటర్లు. నలుచదరంగా ఉంటే ఒక్కో వైపు 63.6 మీటర్లు, అంటే ఇంచుమించు 11 గడులు. మొత్తం 121 గడులు వస్తే, అంచున ఉన్నవి 40. గడి అంచు గట్టు అంచుతో ఎప్పుడూ సరిగ్గా కలవదు కాబట్టి ఆ 40లో చాలావాటిలో మన పైరూ, గట్టూ, పక్కవాళ్ల పైరూ కలిసిపోతాయి. హద్దు గీసేవాడు నాలుగు వైపులా అర గడి, అంటే 2.9 మీటర్లు, బయటికి జరిగాడనుకోండి. చుట్టుకొలత 254 మీటర్లను 2.9తో హెచ్చిస్తే సుమారు 738 చదరపు మీటర్లు. 18 సెంట్లు! అదే పొరపాటు పదెకరాల నలుచదరపు చేలో చేస్తే దాదాపు 58 సెంట్లు, అంటే వందకు ఆరు. ఎకరంలో అది వందకు 18. ఇదే ఎకరం 20 మీటర్ల వెడల్పుతో బారుగా ఉంటే చుట్టుకొలత పెరిగి, తప్పు 32 సెంట్లకు చేరుతుంది. అన్ని వైపులా ఒకే దిక్కుకు తప్పడం అరుదే, కొన్ని లోపలికీ కొన్ని బయటికీ జరిగి సర్దుకుంటాయి. కానీ అన్నదమ్ములు పంచుకుంటూ వచ్చిన మన సన్నటి చేలలో ఈ లెక్క ముందే వేసుకోవాలి.

డ్రోన్ బొమ్మలో గడి 5 సెంటీమీటర్లయితే అర మీటరు గట్టు మీదే పది గడులు పడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లను వాడడానికి ఇదొక కారణం. అయితే అక్కడా చూసుకోవాల్సినవి ఉన్నాయి. గట్టు మీద తాటిచెట్టు ఉంటే దాని నీడ కొన్ని మీటర్ల దాకా హద్దును కప్పేస్తుంది. బొమ్మ మొత్తం పక్కకు జరిగి కూర్చుంటే విస్తీర్ణం సరిగ్గానే వస్తుంది, స్థానం మాత్రం తప్పుతుంది. అది పట్టుకోవాలంటే రెండు రోడ్లు కలిసేచోట జీపీఎస్ రోవర్ పెట్టి, బొమ్మలో అదే చోటు ఎక్కడ ఉందో పోల్చాలి.

ఇంకొకటి ఎంత నాణ్యమైన కెమెరాకూ అందదు. ఇద్దరు అన్నదమ్ములు గట్టు తీసేసి, కలిపి ఒకే వరి వేస్తే పైనుంచి కనిపించేది ఒకే చేను. ఒకాయనే తన చేను మధ్యలో నీళ్ల కోసం గట్టు వేసుకుంటే రెండు చేలు కనిపిస్తాయి. కెమెరా చూసేది గట్టును, హక్కును కాదు. అలాంటి చోట హద్దు గీయాలంటే పట్టా కాగితాలు పట్టుకుని, ఇద్దరినీ పిలిచి, సర్వే రాయి దగ్గర నుంచి కొలుచుకుంటూ రావలసిందే.