కలల వేళ ఊపిరి భారమంతా డయాఫ్రమ్ మీదే

రాత్రంతా వేలికి పల్స్ ఆక్సీమీటర్ ఉంచి, అందులో నమోదైన అంకెలను పొద్దున గ్రాఫుగా గీయిస్తే కొందరిలో ఒక విచిత్రమైన ఆకారం కనిపిస్తుంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగలో వంట చేసి సీవోపీడీ తెచ్చుకున్న 60 ఏళ్ల ఆవిడ ఒకరిని ఊహించుకుందాం. మెలకువగా కూర్చున్నప్పుడు ఆమె ఆక్సిజన్ 92 శాతం. రాత్రి పదింటికి నిద్రపట్టాక 90కి దిగి అక్కడే నిలకడగా ఉంది. పదకొండున్నరకు కొన్ని నిమిషాల పాటు 85కి జారి, మళ్లీ పైకి వచ్చింది. ఒంటిగంట దాటాక ఇంకో గుంట, ఈసారి 82. మూడింటికి మరొకటి. నాలుగున్నరకు వచ్చినది అన్నిటికన్నా లోతు: 76 శాతం, అదీ దాదాపు అరగంట. ఈ నాలుగు గుంటల మధ్య ఎడం ఇంచుమించు గంటన్నర. తెల్లవారే కొద్దీ అవి పొడవుగా, లోతుగా అయ్యాయి.

ఈ ఆకారాన్ని చూసిన ఊపిరితిత్తుల డాక్టరుకు ముందు నిద్ర దశలే గుర్తొస్తాయి. ఎందుకంటే కలలు దట్టంగా వచ్చే రెమ్ నిద్ర కూడా అలాగే నడుస్తుంది. సుమారు 90 నిమిషాలకోసారి వస్తుంది. మొదటి విడత కొద్ది నిమిషాలే ఉంటుంది, చివరి విడతలు పొడవుగా సాగుతాయి. అంటే ఆవిడ కలలోకి వెళ్లిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతోంది. ఊపిరితిత్తులు అవే, మంచం అదే. మారిందల్లా నిద్ర దశ.

అసలు నిద్ర పట్టడంతోనే శ్వాస కొంత తగ్గుతుంది. అది అందరికీ జరిగేదే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడు నుంచి శ్వాసకు అదనపు ప్రోద్బలం ఒకటి అందుతూ ఉంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నా దానితో నిమిత్తం లేకుండా అది పనిచేస్తుంది. కునుకు పట్టగానే ఆ ప్రోద్బలం పోయి, శ్వాసను నడిపే పని దాదాపు పూర్తిగా కార్బన్ డయాక్సైడ్ చేతికి వెళుతుంది. దాంతో గొంతు వెనకభాగం కొంచెం ఇరుకవుతుంది, ఊపిరి కొంచెం చిన్నదవుతుంది. పగలు 40 దగ్గర ఉండే కార్బన్ డయాక్సైడ్ పీడనం నాలుగైదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆరోగ్యవంతుల్లో దీనివల్ల నష్టమేమీ లేదు. గాఢనిద్రలో ఊపిరి ఎంత క్రమంగా సాగుతుందంటే, పక్కన కూర్చుని లెక్కపెడితే గడియారం చూసుకోనక్కర్లేదు.

ఆ క్రమం రెమ్‌లో చెదిరిపోతుంది. ఈ దశను 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజిన్ ఏసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ కనుగుడ్ల వేగమైన కదలికల ద్వారా గుర్తించి ప్రకటించారు. కొన్నేళ్లకు ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మిషెల్ జువే పిల్లుల మీద పరిశోధిస్తూ ఇంకో సంగతి గమనించారు. ఈ దశలో మెదడు మెలకువలో ఉన్నంత చురుగ్గా ఉంటుంది, మెడ కండరాల్లో మాత్రం విద్యుత్ సంకేతం జాడే ఉండదు. మెదడు కాండంలో పాన్స్ అనే భాగంలో ఒక చిన్న ప్రాంతాన్ని దెబ్బతీసినప్పుడు ఆ పిల్లులు నిద్రలోనే లేచి, కనిపించని వేటను తరిమినట్టు ప్రవర్తించాయి. మామూలుగా మనం కలలో పరుగెత్తినా మంచం మీద కదలకుండా ఉండటానికి కారణం అక్కడుంది. పాన్స్ నుంచి బయలుదేరిన ఆజ్ఞ మెడుల్లా మీదుగా వెన్నుపాములోకి దిగుతుంది. అక్కడ గ్లైసిన్, గాబా అనే రసాయనాలు కండరాలను నడిపే నాడీకణాలను అణచివేస్తాయి. కండరం అలసిపోలేదు, చచ్చుబడలేదు. దానికి వచ్చే సంకేతాన్నే ఆపేశారు.

ఆ ఆజ్ఞ నుంచి మినహాయింపు పొందినవి చాలా తక్కువ. కనుగుడ్లను తిప్పే కండరాలు, చెవి లోపలి చిన్న కండరాలు, అన్నిటికన్నా ముఖ్యంగా డయాఫ్రమ్. ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులా పరుచుకున్న ఈ కండరమే గనక ఆగిపోతే రోజూ తొలి కలలోనే ప్రాణం పోయేది. ఇది పనిచేస్తూనే ఉంటుంది గానీ, దానికి తోడుండే జట్టు వెళ్లిపోతుంది. పక్కటెముకల మధ్య కండరాలు, మెడ పక్కన ఛాతీని పైకి లాగే కండరాలు మౌనం వహిస్తాయి. గొంతును తెరిచి ఉంచే నాలుక కండరం కూడా సడలిపోతుంది. గురక ఉన్నవాళ్లలో ఊపిరి అడ్డుపడటం రెమ్‌లో ఎక్కువయ్యేది అందుకే.

నిద్రలోంచి సగం మెలకువ వచ్చి, ఒళ్లు కదలక, గుండెల మీద ఏదో కూర్చున్నట్టు అనిపించిందని చెప్పేవాళ్లు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. దాన్ని దయ్యాల ఖాతాలో వేసేవాళ్లూ ఉన్నారు. రెమ్‌లోని ఈ కండరాల బంధం మెలకువ వచ్చాక కూడా కాసేపు వదలకపోవడమే అది. గట్టిగా ఊపిరి పీల్చాలని ప్రయత్నిస్తే ఛాతీ మాట వినదు. డయాఫ్రమ్ మాత్రం తన పాటికి తాను గాలి అందిస్తూనే ఉంటుంది, కాబట్టి ప్రమాదం లేదు.

పక్కటెముకల కండరాలు ఆగితే ఏం పోతుంది? ఒకటి, ఛాతీ ముందుకూ పక్కలకూ విచ్చుకోవడం తగ్గుతుంది. రెండోది అంత సులువుగా కంటికి కనిపించదు. డయాఫ్రమ్ కిందికి దిగినప్పుడు ఛాతీ లోపల చూషణ పుడుతుంది. ఆ చూషణకు గోడలు లోపలికి పోకుండా బిగబట్టి ఉంచేవి పక్కటెముకల కండరాలే. అవి సడలితే డయాఫ్రమ్ శ్రమలో కొంత భాగం గాలిని లాగడానికి బదులు ఛాతీ గోడను లోపలికి లాగడానికి ఖర్చయిపోతుంది. పక్కటెముకలు ఇంకా మెత్తగా ఉండే చంటిపిల్లల్లో ఇది కంటికే కనిపిస్తుంది. పాప కలల నిద్రలో ఉన్నప్పుడు పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది. నెలల పిల్లల్లో నిద్రలోని ఆ కాస్త తేడా మామూలే. మెలకువలోనూ డొక్కలు ఎగరేస్తుంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇప్పుడు గాలి లెక్క. 1982లో ఎన్. జె. డగ్లస్ బృందం ఆరోగ్యవంతుల మీద చేసిన కొలతల్లో, మెలకువలో నిమిషానికి 7.66 లీటర్లు ఉన్న శ్వాస రెమ్‌లో 6.46 లీటర్లకు తగ్గింది. అంటే సుమారు ఆరో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక్కో ఊపిరి పరిమాణం మెలకువలో ఉన్నదానిలో 73 శాతానికి పడిపోయింది, దాన్ని పూడ్చుకోవడానికి ఊపిరులు కొంచెం వేగమయ్యాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. పీల్చిన ప్రతి ఊపిరిలో 150 మిల్లీలీటర్ల దాకా ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఉండిపోతుంది. పొడుగాటి పైపుతో మొక్కలకు నీళ్లు పెట్టేటప్పుడు కుళాయి కాసేపు తిప్పి కట్టేస్తే నీళ్లు పైపులోనే మిగిలి, పాదులోకి చేరవు కదా, అలాగన్నమాట.

ఊపిరికి 500 మిల్లీలీటర్ల చొప్పున నిమిషానికి 15 సార్లు పీలిస్తే మొత్తం 7,500. అందులో గాలిగదులకు చేరేది ఒక్కో ఊపిరికి 350, నిమిషానికి 5,250. రెమ్‌లో అదే మనిషి 365 చొప్పున 17 సార్లు పీల్చాడనుకుందాం. మొత్తం 6,205. తగ్గింది ఆరో వంతు మాత్రమే. కానీ గాలిగదులకు చేరేది ఒక్కో ఊపిరికి 215, నిమిషానికి 3,655. అంటే దాదాపు 30 శాతం కోత. ఇది ఉజ్జాయింపు లెక్కే. నిద్రలో శరీరానికి అవసరమూ కొంత తగ్గుతుంది కనక అసలు నష్టం ఇంతకన్నా తక్కువగానే ఉంటుంది. అయినా, చిన్న ఊపిరి వేగంగా పీల్చడం ఎందుకు దండగ మారి పనో ఇందులో తెలుస్తుంది. కనుగుడ్లు గబగబా కదిలే క్షణాల్లో ఊపిరి మరీ చిన్నదై, అస్తవ్యస్తమవుతుంది. ఆ లోటును సరిదిద్దాల్సిన స్పందన, అంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగినా ఆక్సిజన్ తగ్గినా శ్వాస పెంచే గుణం, రెమ్‌లోనే అన్నిటికన్నా మందగిస్తుంది.

మరి ఆరోగ్యవంతులకు ఏమీ కాదెందుకు? ఆక్సిజన్ పీడనం 95 ఉన్నవాళ్లకు పది తగ్గి 85 అయినా హీమోగ్లోబిన్ దాదాపు నిండుగానే ఉంటుంది, ఒకటి రెండు శాతం తేడా. మన ఆవిడకు పగలే అది 64 దగ్గర ఉంది. 60 దాకా దిగితే 90 శాతం, 50కి దిగితే 85కు కాస్త అటూ ఇటూ, 40కి దిగితే 75. అరవైకి దిగువన పీడనంలో ప్రతి పదికీ శాతం అంతకంతకూ ఎక్కువగా జారుతుంది. ఆమె నిలబడింది సరిగ్గా ఆ వాలు అంచున.

దానికి తోడు ఆమె డయాఫ్రమ్ సహజంగా లేదు. సీవోపీడీలో లోపలి గాలి పూర్తిగా బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బి, గొడుగులా ఉండాల్సిన కండరాన్ని పళ్లెంలా చదునుగా అణచివేస్తాయి. ముందే కిందికి దిగిపోయిన కండరానికి ఇంక దిగడానికి చోటు లేదు. అందుకే పగలు ఆమె మెడ కండరాలతో, పక్కటెముకల కండరాలతో నెట్టుకొస్తోంది. ఆయాసపడే మనిషి మంచం అంచున చేతులూని కూర్చోవడం, మెడ నరాలు తేలడం ఇందులో భాగమే. రెమ్ వచ్చి సరిగ్గా ఆ సాయాన్నే లాగేసుకుంటుంది. పైగా ఛాతీ గోడ సడలి ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి తగ్గడంతో అడుగు భాగంలోని సన్నని నాళాలు మూసుకుంటాయి. అక్కడికి వెళ్లిన రక్తం ఆక్సిజన్ అందుకోకుండానే వెనక్కి వస్తుంది.

ఇలాంటివాళ్లు పొద్దున తలనొప్పితో లేస్తారు. రాత్రి పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ మెదడులోని రక్తనాళాలను వెడల్పు చేయడం దానికి కారణం. రక్తపరీక్షలో బైకార్బనేట్ పెరిగి ఉంటే అది మరో ఆధారం. గ్రాఫును గురక జబ్బుతో పోల్చుకోవడమూ ముఖ్యమే. గొంతు మూసుకుని వచ్చే స్లీప్ ఆప్నియాలో గీత నిమిషానికోసారి పడి లేస్తూ రంపపు పళ్లలా ఉంటుంది. ఇక్కడ గుంటలు వెడల్పుగా, గంటన్నర ఎడంతో ఉంటాయి. రెండూ కలిసి ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఆక్సీమీటర్ చాలదు. మెదడు తరంగాలు, కంటి కదలికలు, గడ్డం కింది కండరం సడలింపు, ఛాతీకీ పొట్టకూ కట్టిన బెల్టుల కదలిక అన్నీ కలిపి చూసే నిద్ర పరీక్ష కావాలి.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంది కదా, పెట్టేసుకుందాం అనుకోవడం పొరపాటు. ఆక్సిజన్ అంకెను పెంచుతుంది గానీ ఊపిరిని పెద్దది చేయదు. కార్బన్ డయాక్సైడ్ పేరుకునే రోగిలో డాక్టరు చెప్పినదాని కన్నా ఎక్కువ పెడితే అది ఇంకా పెరగవచ్చు. నిద్రమాత్ర, మద్యం ఈ పరిస్థితిని మరింత దిగజారుస్తాయి. ఊపిరే చాలడం లేదని తేలితే మాస్కు ద్వారా ప్రతి ఊపిరికీ ఒత్తిడితో సాయం చేసే బైపాప్ యంత్రం పనికొస్తుంది. అక్కడ మౌనం వహించిన కండరాల పనిని యంత్రం అందుకుంటుంది. ఆ ఒత్తిడి ఎంత ఉండాలో నిద్ర ల్యాబులో కూర్చి చూస్తారు. అయితే కొత్త చోట, ఒంటినిండా తీగలతో రోగికి రాత్రంతా సరిగా నిద్రపట్టక రెమ్ రాకపోతే, గాఢనిద్రకు సరిపోయిన అంకెనే రెమ్‌కూ సరిపోతుందని రాసేసే ప్రమాదం ఉంది. అందుకే రిపోర్టు చేతికి వచ్చినప్పుడు చివరి సారాంశం ఒక్కటే కాకుండా, రెమ్ ఎన్ని నిమిషాలు నమోదైందో, ఆ నిమిషాల్లో ఆక్సిజన్ ఎంత దాకా పడిందో కూడా డాక్టరును అడిగి చూపించుకోవాలి.